మిష్టి దోయి: ఒకసారి జావలా ఉంటోంది, ఒకసారి పులిసిపోతోంది. ఎక్కడ తప్పుతున్నాను?

సుధ_ఖరగ్‌పూర్
నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నా చిన్నతనమంతా ఖరగ్‌పూర్‌లో గడిచింది. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ. జీతం రోజు సాయంత్రం నాన్న చేతిలో మట్టి పిడత కనిపించిందంటే అందులో బెంగాలీల తియ్యటి పెరుగు, మిష్టి దోయి ఉన్నట్టే. లేత ఇటుక రంగు, పైన పలుచని మీగడ పొర. చెంచాతో తీస్తే తీసినచోట గుంట అలాగే నిలిచేది, నీరు ఊరేది కాదు. పులుపు నాలుక చివర కొద్దిగా తగిలి వెళ్లిపోయేది.

ఇప్పుడు హైదరాబాదులో అది చేయాలని రెండుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి లీటరు చిక్కటి పాలు ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించి, 150 గ్రాముల పంచదారలో సగం పాకం పట్టి, సగం మామూలుగా కలిపాను. రోజూ పెరుగు తోడుపెట్టే చోటే, అదే తోడుతో రాత్రి 9 గంటలకు పెట్టాను. ఉదయం 6కి చూస్తే పాలు పాలుగానే ఉన్నాయి. సాయంత్రం 4 దాకా వదిలేశాను. తోడుకుంది కానీ జావలా ఉంది, పైగా పులుపు.

రెండోసారి ఓవెన్ కాస్త వేడిచేసి ఆపి, అందులో పెట్టాను. చల్లబడినప్పుడల్లా మళ్లీ వెలిగించాను. 5 గంటలకే గట్టిపడింది. కానీ అంచుల్లో పలుకులు, నడుమ నీరు, ఇంకా పుల్లగా ఉంది. గట్టిగా ఉండి పులవకుండా రావడానికి కీలకం వేడా, సమయమా, తోడా?

వెన్నముద్ద
తోడు చాలలేదు. లీటరుకు ఒక చెంచా వేసి ఉంటారు. మూడు నాలుగు చెంచాలు వేయండి, తెల్లారేసరికి కత్తితో కోసుకోవచ్చు. మా అత్తగారు పెళ్లిళ్లకు పెరుగు తోడుపెట్టేటప్పుడు గరిటెలతో వేసేవారు.

కాకరకాయ_వేపుడు
ఇంత కష్టం ఎందుకండీ. గడ్డ పెరుగులో పంచదార కలుపుకుంటే అదే తియ్యటి పెరుగు. మా పిల్లలు రోజూ తింటారు.

గరియాహాట్_మూర్తి
కాకరకాయ గారూ, అది వేరు, ఇది వేరు. పెరుగులో పంచదార కలిపితే గడ్డ విరుగుతుంది, నీళ్లు తేలుతాయి. ఇక్కడ పాలలోనే తీపి ఉంటుంది, ఆ తీపితోపాటే పాలు తోడుకుంటాయి. కాగిన పంచదార వాసన పెరుగు గడ్డలో ఇమిడిపోతుంది. నేను కలకత్తాలో 18 ఏళ్లు ఉన్నాను, మేమున్న మేడ కిందే మిఠాయి దుకాణం. తెల్లవారుజామున వాళ్లు గోనెపట్టాలు తీసి హండీలనే మట్టికుండలు బయట పెట్టే దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందుంది.

సుధ గారూ, మీ మొదటి ప్రయత్నంలో ఒక మాట పట్టుకున్నాను. "రోజూ పెరుగు తోడుపెట్టే చోటే" అన్నారు. తప్పు అక్కడే మొదలైంది.

పాలపుంత
మూర్తి గారు సరిగ్గా పట్టుకున్నారు. నేను ఒక డెయిరీలో పాల పరీక్షల విభాగంలో పనిచేస్తాను, కొంచెం వివరంగా చెబుతాను.

మామూలు పాలలో తోడు వేస్తే అందులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లం ఒక స్థాయికి చేరగానే పాలలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి, నీరంతా ఆ వల కళ్లలో ఉండిపోతుంది. మనం పెరుగు తోడుకుంది అంటున్నది దీన్నే. ఇప్పుడు మీరు ముప్పావు లీటరు పాలలో 150 గ్రాముల పంచదార వేశారు. అంత తీపిలో ఆ జీవులు చురుగ్గా పనిచేయలేవు. ఊరగాయలో ఉప్పు, మురబ్బాలో పంచదార బూజును ఎలా అడ్డుకుంటాయో ఇదీ అలాంటిదే. ఇక్కడ పూర్తిగా ఆపదు, మందగింపజేస్తుంది. నేను ఇంట్లో చూసినంతలో, మామూలు పెరుగుకు 5 గంటలు పట్టే వేడిలో ఈ తియ్యటి పాలకు 9 నుంచి 10 గంటలు పడుతుంది.

రోజూ పెరుగుకు మీ వంటింటి గట్టు ఎందుకు సరిపోతుందంటే, పాలు గోరువెచ్చగా ఉన్న ఆ మొదటి మూడు నాలుగు గంటల్లోనే సగం పని అయిపోతుంది. తియ్యటి పాలకు ఆ మూడు నాలుగు గంటలు చాలవు. జీవులు పని అందుకునేలోపే గిన్నె చల్లబడిపోతుంది. ఆ తర్వాత 22, 24 డిగ్రీల చలిలో అవి నీరసంగా, గంటల తరబడి పనిచేస్తాయి. అంత చల్లదనంలో ఇంటి తోడులో ఉండే వేరే రకం జీవులది పైచేయి అవుతుంది. వాటితో తోడుకున్నది తరచుగా జిగురుగా, పలుచగా ఉంటుంది. మీ జావ అదే.

సుధ_ఖరగ్‌పూర్
అవును, చెంచాతో తీస్తే కాస్త తీగలు సాగింది! అది పాకం వల్ల అనుకున్నాను.

పాలపుంత
పాకం వల్ల కాదు. రెండోసారి జరిగింది దీనికి తలకిందులు. ఓవెన్‌లో వేడి 45 దాటి ఉంటుంది. అక్కడ ఆమ్లం చకచకా పుడుతుంది, వల తొందరపడి అల్లుకుంటుంది. అలా హడావుడిగా అల్లుకున్న వలకు కళ్లు పెద్దవి, నీటిని పట్టి ఉంచలేదు. అందుకే పలుకులు, నీరు. గోడ దగ్గర వేడి ఎక్కువ కాబట్టి అంచుల్లో ముందుగా కనిపించింది. 50 దాటితే తోడే చచ్చిపోవడం మొదలవుతుంది, అంతదాకా పోలేదు కాబట్టి తోడుకుంది.

వెన్నముద్ద
మరి నేను చెప్పిన తోడు సంగతి? మా అత్తగారి పెరుగు గడ్డ కట్టేది కదా.

పాలపుంత
గడ్డ కట్టేది, కాదనను. పెళ్లి వంటల్లో భోజనాల వేళకు పెరుగు అందాలి కాబట్టి గరిటెతో వేసేవారు. తోడు ఎక్కువ వేస్తే త్వరగా తోడుకుంటుంది, అంతవరకు మీ మాట నిజం. కానీ త్వరగా తోడుకోవడం, గట్టిగా తోడుకోవడం ఒకటి కాదు. నాలుగు చెంచాల తోడుతో పాటు దానిలోని పులుపు కూడా మొదట్లోనే పాలలోకి వెళుతుంది. ఓవెన్‌లో జరిగిన తొందరే ఇక్కడా జరుగుతుంది. గట్టిదనం పాలనుంచి రావాలి, తోడునుంచి కాదు. అత్తగారి పెరుగు గడ్డ కట్టింది అప్పటి గేదెపాల చలవ.

వెన్నముద్ద
గేదెపాలే. పాడి ఇంట్లోదే ఉండేది. ఆ మాట ఒప్పుకుంటాను.

మంచుదేశం
టొరంటోలో ఉంటాను. మా వంటింట్లో చలికాలం 19 డిగ్రీలు. మామూలు పెరుగే తోడుకోక ఏడిపించేది. ఓవెన్ వెలిగించకుండా లోపలి దీపం ఒక్కటే వేసి, తలుపు మూసి పెడతాను. మా ఓవెన్‌లో ఆ దీపం వేడికే 38 దగ్గర నిలుస్తుంది. సుధ గారి ఓవెన్‌లో దీపం విడిగా వెలిగే వీలుంటే ఇది చూడండి. అయితే ముందు ఒక గ్లాసు నీళ్లు పెట్టి, రెండు గంటల తర్వాత వేడి కొలిచి చూసుకోండి. మా చెల్లెలి ఓవెన్ దీపం 50 దాటించింది, ఆమె తలుపు సందులో చెక్క గరిటె పెట్టి తగ్గించుకుంటుంది.

సుధ_ఖరగ్‌పూర్
మాది చిన్న ఓవెన్. దీపం విడిగా వెలగదు.

గరియాహాట్_మూర్తి
ఓవెన్ అవసరం లేదు. దుకాణం వాళ్లకు ఏ ఓవెనూ లేదు. వాళ్లు చేసేది చెబుతాను. కిటికీలు లేని చిన్న గది, మూలన అప్పటిదాకా పాలు మరిగిన పొయ్యి. నేలమీద గడ్డి, గడ్డి మీద హండీలు ఒకదాన్నొకటి ఆనుకునేలా వరసగా. పైన కాగితం, కాగితం మీద గోనెపట్టాలు, వాటి మీద పాత దుప్పట్లు. తలుపు మూస్తే తెల్లారేదాకా తీయరు. ఒకసారి మా అబ్బాయి ఉత్సాహంగా తలుపు తోయబోతే ముసలాయన రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపేశాడు. గాలి తగలకూడదు, కదపకూడదు. ఆ రెండే ఆయన నియమాలు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి పాత్ర పరిమాణం. ఐదు కిలోల హండీ ఒకసారి వెచ్చబడితే తెల్లారేదాకా ఆ వెచ్చదనాన్ని పోగొట్టుకోదు. అలాంటివి ఇరవై పక్కపక్కనే ఉంటే ఒకదానికొకటి కాపు. ఇంట్లో మనం వంద మిల్లీలీటర్ల పిడతల్లో పోసి, అందంగా దూరదూరంగా పెట్టుకుంటాం. అవి గంటలో చల్లబడతాయి. అదే పాలు, అదే తోడు, అదే దుప్పటి అయినా ఫలితం వేరు.

అరటిదొన్నె
ఇది నాకు కొత్తగా తెలిసింది. నేను మట్టి పిడతల్లో చేసిన ప్రతిసారీ జారుగా రావడం, మిగిలిన పాలు స్టీలు గిన్నెలో పోస్తే గట్టిగా రావడం చూశాను. మట్టిదే తప్పనుకున్నాను. గిన్నెలో అర లీటరు ఉండేది, పిడతలో గుక్కెడు. తేడా అదన్నమాట.

నల్లకుండ
మట్టి తప్పు కొంత ఉంది కూడా. మట్టి పాత్ర గోడలోంచి నీరు ఊరి, పైన ఆరి, పాత్రను చల్లబరుస్తుంది. ఎండాకాలం కుండ నీళ్లు చల్లగా ఉండేది అందుకే కదా. తోడుకునేటప్పుడు అది మనకు శత్రువు. తోడుకున్నాక మిత్రుడు: గోడ నీటిని పీల్చుకుని అంచులను బిగుతుగా చేస్తుంది. అందుకే పిడతలను గుడ్డలో గట్టిగా చుట్టాలి, తడి ఆవిరయ్యే దారి ఉండకూడదు. కొత్త పిడతలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టి వాడండి. లేకపోతే మట్టి వాసన పాలకు పడుతుంది.

గరియాహాట్_మూర్తి
నానబెట్టడం నేను ఒప్పుకోను. దుకాణంలో పొడిగుడ్డతో తుడిచి పాలు పోసేవారు. ఆ కొత్త మట్టి వాసనే సగం రుచి. పొడి మట్టి నీటిని పీల్చుకోవడం వల్లే గడ్డ అంత బిగుతుగా వస్తుంది. నానబెట్టేస్తే ఇక పీల్చుకోవడానికి ఏముంటుంది?

నల్లకుండ
అక్కడి కుమ్మరి చేసే హండీ వేరు, మన వీధిలో దొరికే దీపాల పిడత వేరు. మన దాని మీద దుమ్ము, కొన్నిసార్లు రంగు కూడా ఉంటాయి. నానబెట్టకుండా నేను వాడలేను.

గరియాహాట్_మూర్తి
రంగు పూసిన పిడతను నానబెట్టినా వాడకూడదు, అది వేరే మాట. మిగతా విషయంలో నా మాట నాదే.

సుధ_ఖరగ్‌పూర్
పాకం గురించి కూడా చెప్పండి. మొదటిసారి పాకం నేరుగా పాలలో పోస్తే రాయిలా గడ్డకట్టి అడుగున కూర్చుంది. అరగంట కలిపితే కరిగింది. రెండోసారి కొంచెం చేదు వచ్చింది.

అరటిదొన్నె
నాకు ఏకంగా పాలే విరిగిపోయాయి. మరుగుతున్న పాలలో పాకం పోయగానే తరకలు తరకలుగా అయింది.

పాలపుంత
అరటిదొన్నె గారూ, ఆ పాలు ఉదయం తెచ్చి సాయంత్రం కాచినవా?

అరటిదొన్నె
అంతకంటే పాతవే. ముందురోజు పాలు.

పాలపుంత
అదే కారణమై ఉండాలి. పంచదార కాగి రంగు మారేటప్పుడు దానిలోనే కొంచెం ఆమ్లం పుడుతుంది. తాజా పాలు దాన్ని తట్టుకుంటాయి. నిలవ పాలు అప్పటికే విరిగే అంచున ఉంటాయి, పాకం వాటిని అటు తోసేస్తుంది. పాలు ముందుగా ఒక గరిటెడు విడిగా మరిగించి చూసుకోవాలి, అది నిలిస్తే మిగతావి నిలుస్తాయి.

గరియాహాట్_మూర్తి
పాకం గురించి నేను రాస్తాను, ఎన్నిసార్లు మాడ్చి నేర్చుకున్నానో లెక్క లేదు. మందమైన అడుగున్న మూకుడు, మధ్యస్థమైన మంట, నీరు వేయకుండా పంచదార ఒక్కటే. మొదట అంచుల్లో కరుగుతుంది. గరిటె పెట్టకుండా మూకుడునే అటూ ఇటూ తిప్పండి. తేనె రంగు, తర్వాత పలుచని తేనీటి రంగు, ఆ తర్వాత కొత్త రాగి చెంబు రంగు వస్తాయి. రాగి రంగు దగ్గర నురగ పెద్ద బుడగలు పోయి చిన్నవవుతాయి, వాసనలో తీపి తగ్గి కమ్మదనం వస్తుంది. అక్కడ మంట ఆపాలి. ఆపాక కూడా మూకుడు వేడికి మరో మెట్టు ముదురుతుంది, ఆ మెట్టును ముందే లెక్కలో పెట్టుకోవాలి. సన్నని పొగ లేచిందంటే దాటిపోయింది. ఆ చేదును ఎంత పంచదారా కప్పలేదు, పారబోసి మళ్లీ మొదలుపెట్టడమే. సుధ గారి చేదు ఇదే అయి ఉంటుంది.

మంట ఆపిన వెంటనే మూడు చెంచాల మరిగే నీళ్లు, చేయి దూరంగా పెట్టి, పోయండి. పెద్దగా చిటపటలాడుతుంది, ఆవిరి ఎగదన్నుతుంది, పిల్లలు దగ్గర ఉండకూడదు. మళ్లీ సన్నని మంట మీద కలిపితే తేనెలాంటి ద్రవం అవుతుంది. అది వేడి పాలలో ఇట్టే కలిసిపోతుంది. పాకం చల్లటి పాలలో పోస్తే రాయి అవుతుంది, మీకు జరిగినట్టే.

కాకరకాయ_వేపుడు
మొత్తం పంచదారనూ పాకం పట్టేస్తే రంగు ఇంకా బాగా వస్తుంది కదా?

గరియాహాట్_మూర్తి
రంగు వస్తుంది, తీపి పోతుంది. కాగిన కొద్దీ పంచదారలో తీపి తగ్గి చిరుచేదు పెరుగుతుంది. అందుకే సగం రంగుకూ వాసనకూ, సగం తీపికీ.

దాలిగుంట
ఎర్ర పెరుగు అనగానే మా అమ్మమ్మ దాలి గుర్తొచ్చింది. పిడకల నిప్పు మీద మట్టికుండలో పాలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా మగ్గేవి. సాయంత్రానికి పాలు ఎర్రబారి, మీగడ చేటంత మందాన కట్టేది. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు పంచదార లేకుండానే లేత గులాబీ రంగులో, తీపి వాసనతో ఉండేది. బెంగాలీ వాళ్లది కూడా ఇదేనా?

గరియాహాట్_మూర్తి
దాదాపు అదే దారి ఉన్న పెరుగు నదియా జిల్లా నవద్వీప్‌లో ఉంది. లాల్ దోయి అంటారు. అక్కడ పాకం పట్టరు. పాలూ పంచదారా కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి మరిగిస్తే ఆ మరుగుకే ఎరుపు తిరుగుతుంది. ఎంత గట్టిగా ఉంటుందంటే కత్తి గుచ్చినా నిలుస్తుందని చెప్పుకుంటారు. కలకత్తా దుకాణాల్లో పాకం పట్టడం ఆ రంగుకు దగ్గరిదారి. రుచులు మాత్రం రెండూ వేరు, నాకు నవద్వీప్‌దే ఎక్కువ ఇష్టం.

పాలపుంత
దాలి పెరుగు గట్టిదనానికి రెండు కారణాలు. ఒకటి, నీరు ఇగిరి మాంసకృత్తులు చిక్కబడటం. రెండోది ఎక్కువమంది వదిలేసేది: పాలు 85 డిగ్రీలకు పైన కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు ఉండటం. అంత వేడికి పాలలో మామూలుగా విడిగా తిరిగే కొన్ని మాంసకృత్తులు విచ్చుకుని ఆ వలలో చేరిపోతాయి, నీటిని పట్టుకునే శక్తి పెరుగుతుంది. ఒక పొంగు రాగానే దించేసే పాలకు ఆ లాభం ఉండదు. పాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని ఉంది కదా, మరిగించడం ఎందుకు అనేవాళ్లకు కూడా ఇదే జవాబు.

లీటరును ముప్పావుకు కాకుండా 700 మిల్లీలీటర్లకు తీసుకురండి, సుధ గారూ. చెక్క గరిటెను నిలువుగా ముంచి మొదటి మట్టం దగ్గర గీత పెట్టుకుంటే ఎంత ఇగిరిందో కంటికి తెలుస్తుంది. పంచదార 120 గ్రాములకు తగ్గించండి, తీపి సరిపోతుంది, తోడు మీద భారమూ తగ్గుతుంది.

సుధ_ఖరగ్‌పూర్
తోడు ఎంత? ఎంత వేడిలో వేయాలి?

పాలపుంత
700 మిల్లీలీటర్లకు ఒక పెద్ద చెంచాడు, నిన్నటి తాజా పెరుగు. మూడు రోజుల పుల్లపెరుగు వద్దు. దాన్ని ముందు నున్నగా చిలికి, కొంచెం పాలతో పలచన చేసి కలపండి, గడ్డలుగా ఉంటే అక్కడక్కడ పులుస్తుంది. పాలు 43 డిగ్రీలప్పుడు వేయండి.

దాలిగుంట
చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టగలిగితే చాలు. అమ్మమ్మకు ఏ కొలత పుల్ల ఉంది?

పాలపుంత
అమ్మమ్మ చేయి నలభై ఏళ్లు అదే పాలకు అలవాటు పడింది. రోజూ పొయ్యి దగ్గర పనిచేసే వేలు 50 కూడా ఓర్చుకుంటుంది, కంప్యూటర్ ముందు కూర్చునే వేలు 42కే చురుక్కుమంటుంది. ఇక్కడ ఐదారు డిగ్రీల తేడాయే ఫలితాన్ని మారుస్తోంది కాబట్టి మొదటి నాలుగుసార్లయినా కొలవమంటాను.

దాలిగుంట
నా వేలు నన్నెప్పుడూ మోసం చేయలేదు. అయినా కొత్తవాళ్లకు కొలతే మేలని ఒప్పుకుంటాను.

మంచుదేశం
ఒక అనుమానం. దుకాణంలో కొన్న మిష్టి దోయినే తోడుగా వేస్తే, అది తీపికి అలవాటు పడిన తోడు కాబట్టి త్వరగా పనిచేస్తుందని ఒక బంగ్లాదేశ్ స్నేహితురాలు చెప్పింది. వాళ్లది బోగ్రా. పాత హండీ అడుగున మిగిలిన దాంతోనే కొత్తది వేస్తారట.

పాలపుంత
కాదనలేను. మళ్లీ మళ్లీ తియ్యటి పాలలోనే పెరిగితే, తీపిని తట్టుకునేవే మిగులుతాయన్నది సబబుగానే ఉంది. కానీ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు. ఒక జాగ్రత్త మాత్రం: నెలల తరబడి నిలవ ఉండే డబ్బా రకాలను తోడుకున్నాక మళ్లీ వేడిచేసి ఉండవచ్చు, వాటిలో తోడు బతికి ఉండదు.

గరియాహాట్_మూర్తి
మా కింది దుకాణంలోనూ పాతదే కొత్తదానికి తోడు. నాకు ఆ మాట మీద నమ్మకం ఉంది.

సుధ_ఖరగ్‌పూర్
మూడో ప్రయత్నం చేశాను, అన్నీ రాసిపెట్టుకున్నాను. వివరంగా చెబుతాను, చూడండి.

లీటరు చిక్కటి పాలు, ఆరోజు ఉదయానివే. సన్నని మంట మీద 50 నిమిషాలకు గరిటె గీత ప్రకారం 700కు వచ్చాయి. 60 గ్రాముల పంచదార పాలలో వేశాను. మిగతా 60 మూకుట్లో రాగి రంగుకు కొంచెం ముందే ఆపి, మరిగే నీళ్లు పోసి, పాలలో కలిపాను. ఈసారి గడ్డ కట్టలేదు, చేదు లేదు.

పిడతలు నానబెట్టి ఆరబెట్టాను (మూర్తి గారు మన్నించాలి). పాలు 43కు దిగాక తోడు కలిపి ఆరు పిడతల్లో పోశాను. అంతకుముందే పిడతలను వేడినీటి గిన్నె మీద కాసేపు పెట్టి వెచ్చబరిచాను, చల్లటి మట్టి పాల వేడిని లాగేస్తుందని అనిపించి. మందుల దుకాణం వారిచ్చిన థర్మోకోల్ పెట్టెలో ఆరింటినీ ఆనించి పెట్టి, రెండు వైపులా వేడినీళ్ల సీసాలు, పైన మడత పెట్టిన తువ్వాలు. పిడతల మధ్య ఒక చిన్న గిన్నెలో నీళ్లు పోసి వేడి కొలిచే పుల్లను అందులో ఉంచాను, పిడతలను ముట్టుకోకుండా.

రాత్రి 9:30కి 42. అర్ధరాత్రి 40. రెండున్నరకు 37, అప్పుడు సీసాల్లో నీళ్లు మార్చాను. నాలుగున్నరకు 39. ఆరున్నరకు ఒక పిడతను చాలా నెమ్మదిగా ఒక పక్కకు వంచాను, పై పొర మొత్తం ఒకే ముక్కలా కదిలింది, కానీ నడుమ ఇంకా కాస్త వణుకుతోంది. ఏడుంపావుకు ఐదు పిడతలు తీసి నేరుగా ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆరోదాన్ని కావాలనే పెట్టెలో వదిలాను.

ఫ్రిజ్‌లోవి మధ్యాహ్నం 2కి తీస్తే, చెంచా తీసినచోట గుంట నిలిచింది! నీరు లేదు. నాన్న ఒక చెంచా తిని ఏమీ అనలేదు, రెండో చెంచాకు "ఖరగ్‌పూర్" అన్నారు.

పెట్టెలో వదిలినదాన్ని 11 గంటలకు తీశాను. అది కూడా గట్టిగానే ఉంది, కానీ అంచు వెంట పచ్చటి నీటి గీత వచ్చింది, తిన్నాక పులుపు నాలుక మీద నిలిచిపోయింది. అవే పాలు, అదే తోడు, నాలుగు గంటలే తేడా.

వెన్నముద్ద
ఆ వణుకు ఉండగానే తీసేశారా? నేనైతే పూర్తిగా బిగిసేదాకా ఉంచేదాన్ని.

పాలపుంత
అలా ఉంచడం వల్లే చాలామందికి పులుస్తుంది. వెచ్చదనంలో పూర్తిగా బిగిసిందంటే ఆమ్లం అప్పటికే ముందుకు పోయినట్టు. నడుమ కొద్దిగా వణుకు ఉన్నప్పుడు చల్లదనంలోకి మారిస్తే ఆమ్లం దాదాపు ఆగుతుంది, కొవ్వు గడ్డకట్టి వల బిగుసుకుంటుంది. మిగిలిన గట్టిదనం ఫ్రిజ్ ఇస్తుంది, ఐదారు గంటలు కదపకుండా ఉంచితే. సుధ గారు ఆరో పిడత వదలడం నాకు చాలా నచ్చింది.

మొదటి ప్రయత్నంలో మీరు గిన్నె ఎన్నిసార్లు వంచి చూశారు?

సుధ_ఖరగ్‌పూర్
ఉదయం నుంచి గంటకోసారి...

పాలపుంత
అదీ ఒక కారణమే. అప్పుడే అల్లుకుంటున్న వల ఒకసారి తెగితే మళ్లీ అంత బిగువుగా అతుక్కోదు. నీరు ఆ చీలికలోంచే బయటికొస్తుంది.

గరియాహాట్_మూర్తి
ఆ ముసలాయన రెండు చేతులు అడ్డం పెట్టింది అందుకే.

అరటిదొన్నె
ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు అలాగే ఉంటుంది?

సుధ_ఖరగ్‌పూర్
మూడో రోజున రెండో పిడత తిన్నాం. పులుపు రవ్వంత పెరిగింది, గట్టిదనం అలాగే ఉంది. అంతకుమించి మిగలలేదు.

నల్లకుండ
ఇది డిసెంబరు లెక్క. మేలో ఏం చేస్తారు? మా విజయవాడలో మే రాత్రి వంటిల్లే 34 ఉంటుంది.

పాలపుంత
మేలో సీసాలు వద్దు, తువ్వాలు చాలు. మొదట 40 దగ్గర తోడు వేయండి, ఆరు గంటలప్పటినుంచే చూడటం మొదలుపెట్టండి. పెట్టాక బయట కూడా వేడిగానే ఉంటుంది కాబట్టి తీయడం ఆలస్యమైతే పులుపు చలికాలం కంటే త్వరగా వస్తుంది. రాత్రి కాకుండా తెల్లవారుజామున పెట్టుకుంటే మెలకువగా ఉండి పట్టుకోవచ్చు.

దాలిగుంట
చలికాలంలో అక్కడివాళ్లు పంచదార బదులు కొత్త బెల్లం వేస్తారని విన్నాను. మన తాటిబెల్లంతో వస్తుందా?

గరియాహాట్_మూర్తి
అది నొలెన్ గుడ్. తాటిది కాదు, ఈతబెల్లం. ఇక్కడ కల్లు గీసే ఈతచెట్టే అక్కడ శీతాకాలం తెల్లవారుజామున తియ్యటి నీరా ఇస్తుంది, దాన్ని కాచి బెల్లం చేస్తారు. తాటిబెల్లంతో నేను ఒకసారి చేశాను, బాగానే వచ్చింది, కానీ దాని వాసన ఘాటు, పాలను మింగేస్తుంది. సగానికి తగ్గించి వేయాలి. ఏ బెల్లమైనా పాలు దించి, కాస్త చల్లారాక, కరిగించి వడకట్టి కలపండి. మరిగే పాలలో వేస్తే విరుగుతాయి.

దాలిగుంట
మా ఊరి దగ్గర ఈతబెల్లం దొరుకుతుందేమో కనుక్కుంటాను. దొరికితే దాలి మీద పాలు ఎర్రగా మగ్గబెట్టి, పాకం లేకుండా చేసి ఇక్కడ రాస్తాను.

సుధ_ఖరగ్‌పూర్
నేను వచ్చే ఆదివారం మూడు పిడతలు నానబెట్టి, మూడు పొడిగా తుడిచి పక్కపక్కన పెడుతున్నాను. మూర్తి గారూ, నల్లకుండ గారూ, గట్టిదనం ఏ వైపు ఎక్కువుందో సోమవారం చెబుతాను.